గాంట్ చార్ట్ దేనితో చేయాలి: స్ప్రెడ్‌షీటా, మెర్మెయిడా, గాంట్‌ప్రాజెక్టా?

కాలేజీ గ్రూప్ ప్రాజెక్టుకు గాంట్ చార్ట్ సమర్పించమన్నప్పుడు చాలా జట్లు ముందుగా బొమ్మ గురించే ఆలోచిస్తాయి. స్ప్రెడ్‌షీట్‌లో గళ్లకు రంగులు నింపితే అరగంటలో చూడముచ్చటైన చార్ట్ తయారవుతుంది. అయితే మూడో వారంలో ఒక పని రెండు రోజులు వెనకబడితే, ఆ రంగుల గళ్లు తామంతట తాము కదలవు. సమర్పణ తేదీ వెనక్కి జరుగుతుందా, జరగదా అన్న ప్రశ్నకు ఆ బొమ్మ సమాధానం చెప్పలేదు. నా మొదటి గ్రూప్ ప్రాజెక్టులో మేం చేసింది అలాంటి చార్టే. ఒక పని ఆలస్యమైన రోజు నుంచి దాన్ని ఎవరూ తెరవలేదు, ఎందుకంటే అందులోని తేదీలన్నీ అప్పటికే తప్పు.

ఈ ఇబ్బంది పద్ధతి పుట్టుకలోనే ఉంది. హెన్రీ గాంట్ 1910ల్లో ఈ పట్టీల పటాన్ని ప్రచారంలోకి తెచ్చినప్పుడు అందులో పనుల మధ్య ఆధారాన్ని చూపే బాణాలు లేవు. ప్రాజెక్టు ముగింపును నిర్ణయించే అతి పొడవైన పనుల గొలుసును వెతికే క్రిటికల్ పాత్ లెక్క 1950ల చివరలో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థల్లో పనిచేసినవారి కృషితో విడిగా రూపుదిద్దుకుంది. పటం వేరు, లెక్క వేరు. ఇవాళ మనం వాడే సాధనాల్లో కొన్ని పటాన్ని మాత్రమే గీస్తాయి, కొన్ని లెక్క కూడా చేస్తాయి. ఎంపికలో అసలు తేడా అక్కడే ఉంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నా దృష్టిలో ముఖ్యమైన కొలమానాలు మూడే. మొదటిది, ఒక పని వ్యవధి మార్చినప్పుడు దానిపై ఆధారపడిన పనుల తేదీలు వాటంతట అవే జరుగుతాయా అన్నది. రెండోది, క్రిటికల్ పాత్‌ను సాధనమే కనిపెడుతుందా, లేక మనం కనిపెట్టి దానికి చెప్పాలా అన్నది. మూడోది, నలుగురైదుగురు సభ్యులు ఒకే ప్రణాళికను చూస్తూ, మారుస్తూ ఉండగలరా అన్నది. రంగులు, అక్షరాల అందం, ఎగుమతి సౌకర్యం వంటివి వీటి తరువాతే లెక్కలోకి వస్తాయి. ఎలాగైనా చివరికి ఒక చిత్రమో పీడీఎఫో మూడింటి నుంచీ తీయవచ్చు.

## పోల్చడానికి ఒక ప్రాజెక్టు

అన్ని సాధనాలనూ ఒకే ఉదాహరణ మీద పరీక్షిద్దాం. నలుగురు సభ్యుల జట్టు ఒక వెబ్ అప్లికేషన్ తయారు చేస్తోంది. పనులు ఎనిమిది, వ్యవధులు పని దినాల్లో ఇచ్చాను.

| సంఖ్య | పని | రోజులు | ముందు ముగియాల్సిన పనులు |
|---|---|---|---|
| 1 | అవసరాల సేకరణ | 4 | లేవు |
| 2 | డేటాబేస్ డిజైన్ | 3 | 1 |
| 3 | స్క్రీన్ల డిజైన్ | 5 | 1 |
| 4 | సర్వర్ కోడ్ | 8 | 2 |
| 5 | స్క్రీన్ల కోడ్ | 7 | 3 |
| 6 | కలిపి పరీక్షించడం | 4 | 4, 5 |
| 7 | నివేదిక రాయడం | 6 | 2, 3 |
| 8 | ప్రెజెంటేషన్ | 3 | 6, 7 |

ఏ సాధనం తెరవకముందే ఈ లెక్కను ఒకసారి కాగితం మీద చేయాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే తెర మీద కనిపించేది సరైనదో కాదో తేల్చుకోవడానికి మన చేతిలో ఒక సమాధానం ఉండాలి. ముందుగా ఎడమ నుంచి కుడికి వెళ్లాలి. ప్రతి పనీ తన ముందు పనులన్నింటిలో చివరగా ముగిసేదాని మరుసటి రోజు మొదలవుతుంది. అవసరాల సేకరణ 1 నుంచి 4వ రోజు వరకు, డేటాబేస్ డిజైన్ 5 నుంచి 7 వరకు, స్క్రీన్ల డిజైన్ 5 నుంచి 9 వరకు సాగుతాయి. సర్వర్ కోడ్ 8న మొదలై 15న, స్క్రీన్ల కోడ్ 10న మొదలై 16న ముగుస్తాయి. పరీక్షకు ఆ రెండూ కావాలి కాబట్టి అది 17 నుంచి 20 వరకు నడుస్తుంది. నివేదిక 10 నుంచి 15 వరకు, ప్రెజెంటేషన్ 21 నుంచి 23 వరకు. అంటే ప్రాజెక్టు మొత్తం 23 పని దినాలు.

ఇప్పుడు చివరి నుంచి వెనక్కి రావాలి. 23వ రోజు దాటకుండా ఉండాలంటే ప్రతి పనీ ఎంత ఆలస్యంగా ముగిసినా పరవాలేదో చూడాలి. పరీక్ష 17న మొదలు కావాలి కాబట్టి సర్వర్ కోడ్ 16వ రోజు దాకా సాగవచ్చు; అది 15నే ముగుస్తోంది కనుక దానికి ఒక రోజు స్లాక్, అంటే వెసులుబాటు, ఉంది. నివేదిక 20వ రోజు దాకా ఆగగలదు, దానికి 5 రోజుల స్లాక్. డేటాబేస్ డిజైన్‌కు ఉన్నదీ ఒక్క రోజే, అది కూడా సర్వర్ కోడ్‌తో పంచుకోవాల్సినదే. డేటాబేస్ వాళ్లు ఆ రోజు వాడేసుకుంటే సర్వర్ వాళ్లకు ఏమీ మిగలదు. స్లాక్ సున్నా ఉన్న పనులు 1, 3, 5, 6, 8. వాటి వ్యవధులు కలిపితే సరిగ్గా 23 వస్తుంది. అదే క్రిటికల్ పాత్.

ఇక్కడ ఒక విషయం గమనించండి. జాబితాలో అతి పెద్ద పని 8 రోజుల సర్వర్ కోడ్, కానీ అది క్రిటికల్ పాత్ మీద లేదు. ఎక్కువ రోజులు పట్టే పనే కీలకమని ఊహించి దానికి ఎర్ర రంగు వేసిన చార్టులు నేను ఎన్నో చూశాను. క్రిటికల్ అనే గుణం పని పొడవు వల్ల రాదు. మొదటి నుంచి చివరి దాకా ఉన్న గొలుసుల్లో అతి పొడవైనదానిలో ఆ పని ఉందా అన్నదాని వల్ల వస్తుంది.

సాధనాలన్నింటికీ నేను పెట్టే పరీక్ష ఒకటే. సర్వర్ కోడ్ వ్యవధిని 8 నుంచి 10 రోజులకు పెంచాలి. అప్పుడు అది 17న ముగుస్తుంది, పరీక్ష 18 నుంచి 21 వరకు, ప్రెజెంటేషన్ 22 నుంచి 24 వరకు జరుగుతాయి. రెండు రోజుల ఆలస్యం ప్రాజెక్టును ఒక్క రోజే వెనక్కి నెట్టింది, కానీ క్రిటికల్ పాత్ మాత్రం మారిపోయింది. ఇప్పుడది 1, 2, 4, 6, 8. స్క్రీన్ల పనులకు ఒక రోజు వెసులుబాటు వచ్చింది. సాధనం ఈ రెండు మార్పులనూ చూపాలి.

## స్ప్రెడ్‌షీట్

ఎక్సెల్ అయినా గూగుల్ షీట్స్ అయినా పద్ధతి ఒకటే. రంగులు చేత్తో నింపకుండా, పైన చేసిన లెక్కనే సూత్రాలుగా రాయాలి. A, B, C, D నిలువు వరుసల్లో పై పట్టికను ఉంచి, మొదటి పనిని 2వ అడ్డ వరుసలో రాశామనుకుందాం. E లో మొదలు, F లో ముగింపు, G లో ఆలస్యంగా మొదలయ్యే రోజు, H లో ఆలస్యంగా ముగిసే రోజు, I లో స్లాక్ వస్తాయి. మొదటి పనికి E2 లో 1 అని, చివరి పనికి H9 లో `=F9` అని రాయాలి. మిగతావాటికి 7వ అడ్డ వరుసలో ఉన్న పరీక్షను నమూనాగా తీసుకోవచ్చు.

```
E7:  =MAX(F5,F6)+1
F7:  =E7+C7-1
H7:  =MIN(G9)-1
G7:  =H7-C7+1
I7:  =G7-E7
```

E లోనూ H లోనూ మాత్రమే ప్రతి పనికీ వేర్వేరు గళ్ల పేర్లు వస్తాయి. ఉదాహరణకు స్క్రీన్ల డిజైన్ తరువాత స్క్రీన్ల కోడ్, నివేదిక రెండూ ఉన్నాయి కాబట్టి దాని H4 లో `=MIN(G6,G8)-1` రాయాలి. రోజుల సంఖ్యను అసలు తేదీగా మార్చడానికి `=WORKDAY.INTL(DATE(2026,2,1),E2,11)` చాలు. చివరి 11 అంటే ఆదివారం ఒక్కటే సెలవని అర్థం. ప్రాజెక్టు 2026 ఫిబ్రవరి 2, సోమవారం మొదలైతే 23వ పని దినం ఫిబ్రవరి 27 అవుతుంది. పరీక్షల రోజులు, ఇతర సెలవులు ఉంటే వాటి జాబితాను నాలుగో విలువగా ఇవ్వవచ్చు. పట్టీల కోసం K1 నుంచి కుడివైపు 1, 2, 3 అని రోజులు రాసి, కండిషనల్ ఫార్మాటింగ్‌లో `=AND(K$1>=$E2,K$1<=$F2)` అనే షరతు పెట్టాలి. అదే షరతుకు `$I2=0` కూడా చేర్చి, వేరే రంగుతో దానికంటే పైన ఉంచితే క్రిటికల్ పనులు విడిగా కనిపిస్తాయి.

సర్వర్ కోడ్‌ను రెండు రోజులు పెంచే పరీక్షలో ఇది పూర్తిగా నెగ్గుతుంది. C5 లో 10 అని రాయగానే తేదీలు కదులుతాయి, స్లాక్ మారుతుంది, రంగు కొత్త దారికి వెళ్తుంది. గూగుల్ షీట్స్‌లో అయితే అందరూ ఒకేసారి తెరచి మార్చుకోవచ్చు కూడా. అన్నిటికంటే విలువైనది, లెక్కంతా కళ్లముందే ఉంటుంది కాబట్టి అడిగినవారికి ప్రతి సంఖ్యా ఎక్కడి నుంచి వచ్చిందో చూపగలరు.

దీని బలహీనత D వరుసలో దాగి ఉంది. ముందు పనులను D లో మనం చదువుకోవడానికి రాస్తాం, లెక్క కోసం అదే విషయాన్ని E లోనూ H లోనూ మళ్లీ రాస్తాం. అంటే ఒకే సమాచారానికి మూడు ప్రతులు. నివేదిక సర్వర్ కోడ్ మీద కూడా ఆధారపడుతుందని తరువాత తేలి, ఎవరో D8 లో మాత్రమే మార్చితే, పట్టిక ఒకటి చెబుతుంది, తేదీలు మరొకటి చెబుతాయి. ఎలాంటి హెచ్చరికా రాదు. వరుసలను తేదీ ప్రకారం సార్ట్ చేసినా ఇలాంటి నష్టమే జరుగుతుంది, గళ్ల సూచికలు వేరే పనులను చూపడం మొదలుపెడతాయి. పదిహేను పనుల దాకా దీన్ని నమ్మకంగా నడపవచ్చు. అంతకు మించితే తప్పులు వెతకడానికే సమయం సరిపోతుంది.

## మెర్మెయిడ్

ఇది అక్షరాలతో రాసే చార్ట్. కోడ్ ఉన్న గిట్‌హబ్ రెపాజిటరీలోనే రీడ్‌మీ ఫైల్‌లో రాస్తే అది పటంగా కనిపిస్తుంది. మన ప్రాజెక్టు మొత్తం ఇంతే:

```mermaid
gantt
  dateFormat YYYY-MM-DD
  excludes sunday
  అవసరాల సేకరణ :crit, t1, 2026-02-02, 4d
  డేటాబేస్ డిజైన్ :t2, after t1, 3d
  స్క్రీన్ల డిజైన్ :crit, t3, after t1, 5d
  సర్వర్ కోడ్ :t4, after t2, 8d
  స్క్రీన్ల కోడ్ :crit, t5, after t3, 7d
  కలిపి పరీక్షించడం :crit, t6, after t4 t5, 4d
  నివేదిక రాయడం :t7, after t2 t3, 6d
  ప్రెజెంటేషన్ :crit, t8, after t6 t7, 3d
```

`after` అన్న పదం ఆధారాన్ని ఒకే చోట, స్పష్టంగా చెబుతుంది. రెండు పనులు ఇస్తే వాటిలో ఆలస్యంగా ముగిసేదాన్నే తీసుకుంటుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఉన్న మూడు ప్రతుల చిక్కు ఇక్కడ లేదు. ఎవరు ఏ తేదీన ఏ వ్యవధిని మార్చారో గిట్ చరిత్రలో మిగిలిపోతుంది. ప్రణాళిక ఎలా మారుతూ వచ్చిందో నివేదికలో రాయాల్సినప్పుడు ఇది ఎంతో పనికొస్తుంది.

అయితే `crit` అన్న మాటను చూసి మోసపోకూడదు. అది లెక్క కాదు, కేవలం రంగు. ఏ పని క్రిటికలో మెర్మెయిడ్ కనిపెట్టదు, మనం చెప్పినదానికి ఎరుపు పూస్తుంది. మన పరీక్షలో `8d` ను `10d` చేస్తే పట్టీలు సరిగ్గానే జరుగుతాయి, ప్రాజెక్టు ఒక రోజు పొడుగవుతుంది, కానీ ఎరుపు మాత్రం స్క్రీన్ల పనుల మీదే నిలిచి ఉంటుంది. చార్ట్ అప్పుడు నిశ్శబ్దంగా అబద్ధం చెబుతుంది. జట్టు తమ అదనపు గంటలను స్క్రీన్ల కోడ్ మీద పెడుతుంది, ఆలస్యం మాత్రం సర్వర్ దగ్గర పెరుగుతూ ఉంటుంది. పైగా పనుల మధ్య బాణాలు కూడా ఈ పటంలో ఉండవు కాబట్టి, ఎర్ర పట్టీలు నిజంగా ఒక గొలుసుగా కలుస్తున్నాయో లేదో చూసి పట్టుకోవడం కష్టం. దీన్ని ఎంచుకున్నవారు వ్యవధి మార్చిన ప్రతిసారీ కాగితం లెక్క మళ్లీ చేసి `crit` గుర్తులు సరిచూసుకోవాలి.

## గాంట్‌ప్రాజెక్ట్

ఇది విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేసే ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. పనుల పేర్లు, వ్యవధులు ఇచ్చి, ఒక పట్టీ నుంచి మరో పట్టీకి మౌస్‌తో గీత లాగితే ఆధారం ఏర్పడుతుంది. లేదా పని వివరాల్లో ముందు పనులను జాబితా నుంచి ఎంచుకోవచ్చు. క్రిటికల్ పాత్ చూపే ఎంపికను నొక్కితే ఆ పనులను తానే లెక్కించి వేరుగా చూపుతుంది. సర్వర్ కోడ్‌ను 10 రోజులు చేస్తే తేదీలూ గుర్తులూ రెండూ కొత్త దారికి మారతాయి. ఈ మూడింటిలో ఆధారాన్ని ఒక్కసారే చెప్పించుకుని, లెక్కను తానే చేసి, బాణాలు కూడా గీసేది ఇదొక్కటే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది క్యాలెండర్. ఏయే రోజులు సెలవులో ప్రాజెక్టు మొదట్లోనే నిర్ణయించాలి. శని, ఆదివారాలు రెండూ సెలవుగా ఉండిపోతే 23 పని దినాలు ఫిబ్రవరి 27తో కాక మార్చి 4తో ముగుస్తాయి, మీ కాగితం లెక్కకూ తెరకూ పొంతన కుదరదు.

రెండోది తెగిపోయిన గొలుసు. నివేదిక నుంచి ప్రెజెంటేషన్‌కు గీత లాగడం మరచిపోయామనుకోండి. చార్ట్ ఏమాత్రం తేడాగా కనిపించదు, క్రిటికల్ పాత్ కూడా అదే వస్తుంది. కానీ నివేదిక ఎనిమిది రోజులు ఆలస్యమైనా ప్రెజెంటేషన్ కదలదు, ఎందుకంటే ఆ రెండింటికీ సంబంధం ఉందని ప్రోగ్రాంకు తెలియదు. పట్టుకునే ఉపాయం తేలికే: చివరి పని తప్ప ప్రతి పట్టీ నుంచీ కనీసం ఒక బాణం బయటకు పోవాలి, మొదటి పని తప్ప ప్రతి పట్టీలోకీ కనీసం ఒకటి రావాలి. సమర్పించేముందు వేలితో ఒక్కొక్క పట్టీనీ చూసుకుంటే ఐదు నిమిషాల పని.

దీని లోటు మూడో కొలమానంలో ఉంది. ప్రణాళిక మామూలుగా ఒకరి కంప్యూటర్‌లో ఫైల్‌గా ఉంటుంది. ఇద్దరు వేర్వేరు ప్రతులు మార్చి సందేశాల్లో పంపుకుంటే చివరికి ఏది అసలైనదో తెలియదు. ఒక్కరే ఆ ఫైల్‌ను మార్చాలని, మిగతావారు వారానికోసారి తమ పనుల్లో మిగిలిన రోజులు చెప్పాలని, ఆ రోజే కొత్త చిత్రం అందరికీ పంపాలని నియమం పెట్టుకుంటే సరిపోతుంది.

కాలేజీ ల్యాబ్‌లో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఉంటే అది కూడా ఇవన్నీ చేస్తుంది, ఇంకా ఎక్కువే చేస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి: అందులో కొత్త పనులు మామూలుగా `Manually Scheduled` స్థితిలో చేరతాయి, అప్పుడు ముందు పని వెనక్కి జరిగినా అవి తమ తేదీలను వదలవు. `Auto Scheduled` కు మార్చిన తరువాతే లెక్క మొదలవుతుంది. ఇంట్లో ఆ ప్రోగ్రాం లేనివారు దాని ఫైళ్లను ప్రాజెక్ట్‌లిబ్రె అనే ఉచిత సాధనంలో తెరవవచ్చు.

## పక్కపక్కన

| కొలమానం | స్ప్రెడ్‌షీట్ | మెర్మెయిడ్ | గాంట్‌ప్రాజెక్ట్ |
|---|---|---|---|
| తేదీలు వాటంతట జరగడం | సూత్రాలు రాస్తే అవును | అవును | అవును |
| క్రిటికల్ పాత్ కనిపెట్టడం | సూత్రాలు రాస్తే అవును | కాదు, మనమే గుర్తించాలి | అవును |
| ఆధారపు బాణాలు | లేవు | లేవు | ఉన్నాయి |
| కలిసి మార్చడం | గూగుల్ షీట్స్‌లో సులువు | గిట్ ద్వారా | ఒకరి దగ్గరే ఉంచాలి |

ప్రాజెక్టు నిర్వహణ అనే పాఠ్యాంశంలో భాగంగా చార్ట్ అడిగి, స్లాక్ ఎలా వచ్చిందో వివరించమంటే స్ప్రెడ్‌షీటే తీసుకోండి. సూత్రాలు రాసే క్రమంలోనే పద్ధతి పూర్తిగా అర్థమవుతుంది. జట్టంతా రోజూ గిట్‌లో పనిచేసేవారై, పనులు పదికి లోపే ఉంటే మెర్మెయిడ్ చాలు, కానీ `crit` బాధ్యత ఒక పేరున్న మనిషికి అప్పగించండి. పనులు ఇరవై దాటి, వ్యవధులు తరచూ మారే సెమిస్టర్ పొడవు ప్రాజెక్టుకు నేను సంకోచం లేకుండా గాంట్‌ప్రాజెక్టే సూచిస్తాను.

## మూడింటిలోనూ మనమే చూసుకోవాల్సినది

ఇప్పటిదాకా చేసిన లెక్కలో ఒక దాగిన ఊహ ఉంది: 5వ రోజున డేటాబేస్ డిజైన్, స్క్రీన్ల డిజైన్ రెండూ ఒకేసారి మొదలవుతున్నాయి. ఆ రెండూ వేర్వేరు సభ్యులు చేస్తేనే ఇది నిజం. డిజైన్ పనులన్నీ ఒకరికే ఇచ్చారనుకుందాం. అప్పుడు ఏది ముందు చేయాలన్నది తేల్చుకోవాలి. స్క్రీన్లు క్రిటికల్ పాత్ మీద ఉన్నాయి కాబట్టి అవే ముందు చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేస్తే డేటాబేస్ డిజైన్ 10 నుంచి 12 వరకు, సర్వర్ కోడ్ 13 నుంచి 20 వరకు జరిగి ప్రాజెక్టు 27వ రోజున ముగుస్తుంది. డేటాబేస్ ముందు చేస్తే స్క్రీన్ల డిజైన్ 8 నుంచి 12 వరకు, స్క్రీన్ల కోడ్ 13 నుంచి 19 వరకు సాగి, మొత్తం 26 రోజుల్లో పూర్తవుతుంది. మనుషుల కొరత వచ్చిన క్షణంలో పాత క్రిటికల్ పాత్ సలహా పనికిరాకుండా పోయింది.

దీన్ని చార్ట్‌లోకి తేవాలంటే డేటాబేస్ డిజైన్ నుంచి స్క్రీన్ల డిజైన్‌కు అదనంగా ఒక ఆధారం కలపాలి. సాంకేతికంగా ఆ రెండింటికీ సంబంధం లేకపోయినా, చేసే మనిషి ఒకరే కావడం వల్ల ఏర్పడిన ఆధారం అది. పనుల పట్టికలో చేసేవారి పేరుకు ఒక నిలువు వరుస పెట్టి, ఒకే పేరు ఒకే రోజున రెండు పట్టీల మీద కనిపించిన ప్రతిచోటా ఇలాంటి గీతను గీయాలి. తరువాత ఆ పనిని మరొకరికి ఇస్తే గీతను తీసేయాల్సి ఉంటుంది కాబట్టి, అది ఎందుకు గీశారో పక్కన ఒక ముక్క రాసి ఉంచండి.